ఒక జీరో టికెట్టు, 700 మాటలు: కాలమ్ తయారైన వారం

చాలా ఏళ్లుగా ఒక దినపత్రికకు వారం వారం కాలమ్ రాస్తున్నాను. ఆదివారం ఎడిట్ పేజీ అడుగున వస్తుంది. 700 మాటలు దాటకూడదు, శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకల్లా డెస్కుకు చేరాలి. 2024 వేసవిలో రాసిన ఒక కాలమ్ కథ ఇక్కడ చెబుతాను. నేను రాసినవాటిలో అది గొప్పదేమీ కాదు. కానీ దాని చిత్తుప్రతులన్నీ నా దగ్గర ఉన్నాయి. ఎక్కడ నోరు జారానో, ఎవరు పట్టుకున్నారో, పట్టుకోకుండా ఏది అచ్చయిపోయిందో గీతలతో సహా కనిపిస్తుంది.

ఆ సోమవారం అమ్మ ఊరి నుంచి బస్సులో వచ్చింది. వస్తూనే కొంగు ముడి విప్పి, నలిగిపోయిన చిన్న కాగితం తీసి చెత్తబుట్టలో వేసింది. ఏమిటని అడిగాను.

"జీరో టికెట్టురా. డబ్బులే తీసుకోనప్పుడు ఈ చీటీ ఎందుకో! కాగితం దండగ."

తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, హైదరాబాద్‌లోనైతే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు చార్జీ లేదు. 2023 డిసెంబరు 9న మొదలైంది. రాష్ట్ర నివాసి అని తెలిపే గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇస్తాడు. ఆ చార్జీ సొమ్ము ప్రభుత్వం సంస్థకు చెల్లిస్తుంది. ఇదంతా నాకు తెలుసు. అయినా అమ్మ అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ వారం కాలమ్ అక్కడ పుట్టింది.

మొదట నోట్‌బుక్‌లో రాసుకున్న వాక్యం ఇది: "ఉచిత ప్రయాణం పల్లె ఆడవాళ్ల జీవితాన్ని మార్చేసింది." రాయగానే బాగుందనిపించింది, అనుమానం కూడా అక్కడే వచ్చింది. ఈ మాట నిలబడాలంటే ముందు ఎంతమంది ఏ పనికి బస్సెక్కేవారు, ఇప్పుడు ఎంతమంది ఎక్కుతున్నారు, మిగిలిన డబ్బు దేనికి వెళ్తోంది అన్నవి తెలియాలి. నా చేతిలో ఉన్నవి నాలుగు రోజులు, ఒక అమ్మ. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, వారపు కాలమ్‌కు అది అందదు. (అందుకే నెలకు ఒకటో రెండో దరఖాస్తులు ఊరికే పెట్టి ఉంచుతాను. ఎప్పుడో ఒక కాలమ్‌కు పనికొస్తాయి. ఈసారి పనికొచ్చేది ఒక్కటీ లేదు.)

కాబట్టి వాక్యాన్ని చిన్నది చేయాలి. అమ్మ అన్నదాన్నే తిరగేసి చూశాను: "చార్జీ లేకపోయినా టికెట్టు అడిగి తీసుకోవాలి." ఇది కాదనేవాళ్లు ఉన్నారు. మా ఇంట్లోనే ఒకరున్నారు. నాలుగు రోజుల్లో నిజానిజాలు తేల్చుకోగలిగినంత చిన్నది కూడా. ఈ రెండు లక్షణాలూ లేని వాక్యంతో కాలమ్ మొదలుపెట్టిన ప్రతిసారీ శుక్రవారం ఉదయం విశేషణాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. ఎవరూ కాదనని మాటను 700 మాటల వరకు సాగదీయడానికి విశేషణాలు తప్ప దారి లేదు.

మంగళవారం మా వీధిలోనే ఉండే ఒక రిటైరైన కండక్టరు గారి దగ్గరికి వెళ్లాను. టికెట్టు కొట్టే టిమ్ మెషిన్‌లో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నొక్కాలి, అది నమోదవుతుంది, ఆ లెక్క డిపోకు చేరుతుంది అని ఆయన చెప్పారు. ప్రభుత్వం నుంచి సంస్థకు రావాల్సిన సొమ్ముకు ఈ లెక్కే ఆధారం. "చీటీ కొట్టకపోతే మీ అమ్మగారు మా లెక్కలో బస్సెక్కనట్టే సార్" అన్నారు. కాలమ్‌కు వెన్నెముక దొరికిందనుకున్నాను. ఆయన మాటను అలాగే వాడుకోవచ్చా అని అక్కడే అడిగాను. వాడుకోండి కానీ పేరు వద్దన్నారు. పేరు లేకపోయినా కాలమ్‌లో ఆయన రిటైరైన కండక్టరుగానే ఉండాలి. "ఒక సీనియర్ అధికారి" అని హోదా పెంచకూడదు. ఇంకో ఇద్దరి మాటలు ఆయన నోట పెట్టకూడదు. ఇద్దరు ముగ్గురిని కలిపి ఒక పాత్ర చేయడం కథల్లో చెల్లుతుంది, కాలమ్‌లో చెల్లదు.

బుధవారం రాత్రికి మొదటి చిత్తు పూర్తయింది. దాన్ని అచ్చు తీసుకుని, పెన్సిలుతో ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం వేస్తాను. చూసిందైతే "చూ", ఎవరో చెప్పిందైతే "వి", కాగితం మీద చదివిందైతే "చ", నా అభిప్రాయమైతే "అ". ఏ అక్షరం వేయాలో తేల్చుకోలేని వాక్యం ఉంటే గుండ్రం చుడతాను. ప్రమాదం ఉండేది అక్కడే. "అ" ఎన్ని ఉన్నా ఫరవాలేదు, కాలమ్ అంటేనే అభిప్రాయం కదా. "అ" వచ్చి "చ" లాగా వేషం వేసుకుని కూర్చుంటేనే చిక్కు.

ఆ చిత్తులో రెండో పేరా ఇలా ఉంది:

"పథకం మొదలైన రోజు ఉదయమే మా అమ్మ బస్సెక్కింది. ఆ రోజు నుంచి ఇప్పటికి కోట్ల మంది మహిళలు మనలాగే ఉచితంగా ప్రయాణించారు. ఈ టికెట్టు ఒక్కటే ఆ ప్రయాణాలకు సాక్ష్యమన్నది అందరికీ తెలిసిందే."

మూడు వాక్యాలకూ నేను గుండ్రం చుట్టాల్సి వచ్చింది. ఒక్కొక్కటీ వేరే రకం తప్పు.

మొదటి వాక్యం పక్కన ధీమాగా "వి" వేశాను, అమ్మే చెప్పింది కదా అని. తీరా చూస్తే అమ్మ అలా చెప్పలేదు, నాకు అలా గుర్తుంది. పథకం ప్రారంభమైంది ఆ శనివారం మధ్యాహ్నం. ఉదయం ఎక్కి ఉంటే అమ్మ చార్జీ ఇచ్చే ఉండాలి. ఫోను చేసి అడిగితే నవ్వింది. "మొదటి రోజా? నేను ఎక్కింది సంక్రాంతికి చెల్లి ఇంటికి వెళ్లినప్పుడురా. అంతవరకు కార్డు ఎక్కడ పెట్టానో దొరకలేదు." సొంత ఇంటి సంగతిని సరిచూసుకోవడం అవసరమా అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఎక్కువ తప్పులు వచ్చేది అక్కడి నుంచే. ప్రభుత్వ అంకె అయితే అనుమానిస్తాం, జ్ఞాపకాన్ని అనుమానించం. పైగా జ్ఞాపకం కథకు అనువుగా తనను తాను సర్దుకుంటుంది. "మొదటి రోజు ఉదయమే" అన్నది వినడానికి బాగుంటుంది కాబట్టే నాకు అలా గుర్తుండిపోయింది. నిజానికి కార్డు దొరకక నెల రోజులు చార్జీ పెట్టుకున్న అమ్మే కాలమ్‌కు మంచి అమ్మ. అంత అందమైన వివరం నేను కల్పించగలిగేవాణ్ని కాదు.

రెండో వాక్యంలో తప్పు ఇంకా పెద్దది. "కోట్ల మంది మహిళలు" అన్నాను. ప్రకటనల్లో వచ్చే కోట్ల లెక్క జీరో టికెట్లది, అంటే ప్రయాణాలది. మనుషులది కాదు. తేడా ఎంత ఉంటుందో కాగితం మీద వేసి చూశాను. ఒక అమ్మాయి పనికి వెళ్లడానికి ఒకచోట బస్సు మారుతుందనుకోండి. పోవడానికి రెండు టికెట్లు, రావడానికి రెండు, రోజుకు 4. నెలలో 25 రోజులు పనికి వెళ్తే 100 టికెట్లు. అలాంటి లక్ష మంది ఉంటే చాలు, నెలకు కోటి టికెట్లు అవుతాయి. కోటి మంది అని రాస్తే నిజానికి వంద రెట్లు పెంచి రాసినట్టు. అమ్మలాగా ఎప్పుడో పండక్కి వెళ్లే వాళ్లయితే లెక్క మరోలా ఉంటుంది. టికెట్ల లెక్క నుంచి మనుషుల లెక్క తేల్చడం ఆ అంకెతో మాత్రం కుదరదు.

ఇది నా ఒక్కడి తప్పు కాదు. పథకాన్ని పొగిడేవాళ్లు, తిట్టేవాళ్లు ఇద్దరూ "ఇన్ని కోట్ల మంది" అనడం విన్నాను. అంకె పక్కన ఏ నామవాచకం ఉందో చూడకుండా అంకెను మాత్రమే సరిచూస్తే ఇలాగే అవుతుంది. అంకె సరైనదే, పక్కన మాట తప్పు. నా నోట్‌బుక్‌లో ఇప్పుడు అంకె ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ఏం లెక్కించారు, ఎవరు లెక్కించారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్న మూడూ దాని వెంటే రాసుకుంటాను. ఇక్కడ నేను చివరికి అంకెనే తీసేశాను. నా వాదానికి అది అవసరం లేదు. ఒక్క టికెట్టు లెక్కలోకి ఎలా వెళ్తుందో చెబితే చాలు. బదులుగా పైన చెప్పిన 4, 25, 100 లెక్క పెట్టాను. అది ఎవరూ నన్ను నమ్మి ఒప్పుకోనక్కర్లేని అంకె. పాఠకుడు తన వేళ్ల మీద వేసుకోవచ్చు.

అదే వాక్యంలో "మనలాగే" అన్న మాట చూశారా? నేను మగవాణ్ని, చార్జీ ఇచ్చి ఎక్కేవాణ్ని. తెలుగులో "మనం" చాలా తీయని ఉచ్చు. "మేము" అంటే పాఠకుడు బయట ఉంటాడు, "నేను" అంటే ఒంటరిగా నిలబడాలి, "మనం" అంటే పాఠకుణ్ని అడక్కుండానే మన పక్కకు లాగేసుకుంటాం. అందుకే కాలమిస్టులకు అది అంత ఇష్టం. చిత్తు పూర్తయ్యాక "మనం", "మన" ఉన్న ప్రతి చోటా ఆగి, ఇందులో ఎవరెవరు ఉన్నారని అడుగుతాను. ఆ చిత్తులో తొమ్మిది చోట్ల ఉంటే రెండు మిగిలాయి. మిగతావి "నేను", "అమ్మ", "బస్సులో ఉన్న ఆడవాళ్లు" అయ్యాయి. వాక్యాలు కొంచెం బరువెక్కాయి, కానీ ఎవరి మాట ఎవరిదో తెలిసింది.

మూడో వాక్యంలో "అందరికీ తెలిసిందే" ఉంది. ఈ మాట నా చేత్తో రాసినప్పుడల్లా నాకే తెలియని విషయమేదో దాని వెనక దాక్కుని ఉంటుంది. "అట" కూడా అంతే. వార్తలో "విశ్వసనీయ వర్గాల ప్రకారం" అన్నది ఏ పని చేస్తుందో కాలమ్‌లో "అట" ఆ పని చేస్తుంది: విన్నానని ఒప్పుకుంటుంది, ఎవరి దగ్గరో చెప్పదు. అయితే "అట"ను పూర్తిగా మానేయమని అనను. అమ్మ మాటలు చెప్పేటప్పుడు అది ఎంతో సహజం. ఎవరన్నారో ముందే చెప్పి తర్వాత "అట" అంటే నిజాయితీగానే ఉంటుంది.

ఆ వాక్యంలోని "ఒక్కటే సాక్ష్యం" సంగతి గురువారం తేలింది. గురువారం నేను ఎప్పుడూ ఒక పని చేస్తాను. నా వాదానికి అడ్డం తిరిగే మనిషిని వెతుక్కుని, చిత్తు చూపించకుండా వాదం మాత్రం చెబుతాను. ఈసారి మళ్లీ కండక్టరు గారి దగ్గరికే వెళ్లాను. ఆయన నా పక్షమే అనుకున్నాను. "టికెట్టు ఉంటే మనిషి ఎక్కినట్టే అనకండి సార్" అన్నారు. మెషిన్ చేతిలో ఉన్నవాడు మనిషి లేకుండా కూడా చీటీ కొట్టగలడు, కొట్టాడా లేదా అన్నది తనిఖీకి వచ్చినవాళ్లు బస్సులో తలకాయలు లెక్కపెట్టి చూడాల్సిందే అన్నది ఆయన మాట.

ఇది నా వాదాన్ని పడగొట్టే మాటలా అనిపించింది. ఆ రాత్రి దాన్ని వదిలేయాలని కూడా చూశాను. 700 మాటల్లో దీనికి చోటెక్కడ అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తర్వాత గమనించిందేమిటంటే, ఆయన మాట నా వాదానికి వ్యతిరేకం కాదు, నా గొప్పకు వ్యతిరేకం. టికెట్టు ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు, నిజమే. కానీ మనిషి చేతిలో టికెట్టు ఉంటేనే తనిఖీవాళ్లు పోల్చి చూడటానికి ఏదైనా ఉంటుంది. అమ్మ చీటీ తీసుకోకపోతే ఒక ప్రయాణం లెక్కకు ఎక్కదు. ఎక్కని మనిషి పేర చీటీ కొడితే లేని ప్రయాణం లెక్కకు ఎక్కుతుంది. రెండూ బయటపడేది తలకాయలను, టికెట్లను పక్కపక్కన పెట్టినప్పుడే. కాబట్టి "ఒక్కటే సాక్ష్యం" పోయి "మొదటి ఆనవాలు" వచ్చింది. అభ్యంతరానికి ఆరు వాక్యాలు ఇచ్చాను, కండక్టరు గారి మాటల్లోనే. మొత్తం చదివాక కాలమ్‌లో బలమైన చోటు ఏదంటే అదే.

కాగితం దండగ అన్న అమ్మ అభ్యంతరానికి మాత్రం నా దగ్గర మంచి జవాబు దొరకలేదు. చీటీ లేకుండా కార్డు తాకిస్తే లెక్క పడే ఏర్పాటు ఉంటే కాగితం మిగులుతుంది. అప్పుడు నా వాదమే మారాలి. ఆ మాట కాలమ్‌లో ఒక్క వాక్యంలో ఒప్పేసుకుని ముందుకు వెళ్లాను. ప్రతి అభ్యంతరాన్నీ ఓడించి తీరాలని కూర్చుంటే అది కాలమ్ కాదు, కోర్టు వాదన.

రెండో పేరా చివరికి ఇలా అచ్చయింది:

"మా అమ్మ మొదటిసారి చార్జీ లేకుండా బస్సెక్కింది 2024 సంక్రాంతికి. అంతకు ముందు నెల రోజులు కార్డు దొరకక డబ్బులిచ్చే తిరిగింది. ఇప్పుడు చీటీ చేతికిస్తే 'కాగితం దండగ' అంటుంది. మా వీధిలో ఉండే ఒక రిటైరైన కండక్టరు ఈ మాట వింటే ఒప్పుకోరు. చీటీ కొట్టకపోతే మీ అమ్మగారు లెక్కలో బస్సెక్కనట్టే అంటారాయన."

మొదటి చిత్తులోని పేరాకంటే దీనికి ఊపు తక్కువ. కోట్లు లేవు, అందరికీ తెలిసింది ఏదీ లేదు. కానీ పెన్సిలు పట్టుకుంటే ఒక్క గుండ్రం కూడా పడదు.

డెస్కుకు పంపేముందు అమ్మకు ఆ భాగం చదివి వినిపించాను. ఇంట్లోవాళ్ల గురించి రాస్తే వాళ్లకు వినిపించకుండా పంపను. ఇది పత్రిక పెట్టిన నియమం కాదు, ఒకసారి తమ్ముడితో ఆరు నెలలు మాటల్లేకపోయాక నేను పెట్టుకున్నది.

"నేను నలిపి పారేశానని రాశావా?"

"అదేగా అమ్మా అసలు సంగతి."

"రాస్తే రాశావులే. చెత్తబుట్టలో వేశానని రాయి. బస్సులో పారేశాననుకుంటారు."

నిజమే, చిత్తులో "పారేసింది" అని మాత్రమే ఉంది. "ఇంటికి వచ్చాక చెత్తబుట్టలో వేసింది" అని మార్చాను.

శుక్రవారం సాయంత్రం డెస్కు నుంచి సబ్‌ఎడిటర్ ఫోను చేశారు. నేను 2023 నాటి సంగతికి కూడా "టీజీఎస్‌ఆర్టీసీ" అని రాశాను. అప్పటికి అది టీఎస్‌ఆర్టీసీ. పేరు మారింది 2024లో. "ఆర్టీసీ" అని రాస్తే రెండు కాలాలకూ సరిపోతుందన్నారు. శీర్షిక గురించి కాసేపు వాదించుకున్నాం. ఆమె పెట్టిన శీర్షిక "జీరో టికెట్టు... వందల కోట్ల లెక్క". లోపల వందల కోట్ల ప్రస్తావనే లేదు. కాలమ్ అంతా కాపలా కాసి గుమ్మం తెరిచి పెట్టినట్టుంటుందని చెప్పాను. శీర్షికలు డెస్కు సొత్తు, కాలమిస్టు అడగగలడు తప్ప ఆజ్ఞ వేయలేడు. చివరికి "సున్నా రూపాయల చీటీ" అని ఖాయమైంది.

ఇన్ని వడపోతలు దాటి కూడా ఒక తప్పు అచ్చయింది. "రాష్ట్రంలోని బాలికలకు, మహిళలకు మాత్రమే ఈ సదుపాయం" అని రాశాను. సోమవారం ఉదయం ఒక పాఠకురాలు ఫోను చేసి, పథకం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ వర్తిస్తుందని, తానూ జీరో టికెట్టు మీదే వెళ్తున్నానని చెప్పారు. ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. నేను చదివాను కూడా. పెన్సిలుతో ఆ వాక్యం పక్కన "చ" వేసింది నేనే. చదివానన్న ధీమాతో, రాసేటప్పుడు మళ్లీ కాగితం తీసి చూడలేదు. తప్పు చేసింది "మాత్రమే" అన్న మాట. అది లేకపోతే వాక్యం అసంపూర్ణంగా ఉండేది, దానివల్ల అబద్ధమైంది.

తప్పు తేలినప్పుడు వెంటనే, కనిపించే చోట సవరణ వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. కాలమిస్టులు చాలామంది వచ్చే వారం కాలమ్‌లో ఆ విషయాన్నే చమత్కారంగా ఎత్తుకుని, మధ్యలో తప్పును మింగేస్తారు. నేనూ ఒకటి రెండుసార్లు ఆ పని చేశాను. ఈసారి మరుసటి ఆదివారం కాలమ్ చివర, అదే అక్షరం సైజులో ఇలా వేయించాను: "గత వారం ఈ కాలమ్‌లో మహాలక్ష్మి పథకం బాలికలకు, మహిళలకు మాత్రమే అని రాశాను. అది తప్పు. రాష్ట్రానికి చెందిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ ఆ సదుపాయం ఉంది." తప్పు ఏమిటో, ఒప్పు ఏమిటో రెండూ అందులోనే ఉండాలి. "పొరపాటు దొర్లింది" అన్నది నాకు నచ్చదు. అదేదో తనంతట తానే దొర్లుకుంటూ వచ్చినట్టుంటుంది.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు, ఆ కాలమ్‌ను పేర్లు మార్చి అక్కడి ఎడిషన్లకు మళ్లీ వేద్దామా అని డెస్కు అడిగింది. ఒక పూట కూర్చుని చూశాను. అక్కడ వర్తించే బస్సులు ఐదు రకాలు: పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. ప్రారంభ తేదీ వేరు, ఉత్తర్వు వేరు, మా కండక్టరు గారు పనిచేసిన సంస్థ వేరు, ఆయన చెప్పిన లెక్క అక్కడ ఎలా నడుస్తుందో నేను ఎవరినీ అడగలేదు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వెళ్తే చివరికి అమ్మ పేరా ఒక్కటే మిగిలింది. అమ్మ కార్డు మీద చిరునామా తెలంగాణది. అక్కడ ఆమెకు ఎవరూ జీరో టికెట్టు కొట్టరు.